పొదుగువాపును ముందుగా పట్టడానికి ఏది మేలు: స్ట్రిప్ కప్పా, ప్యాడిల్ పరీక్షా?

పొదుగు ఎర్రబడి, గట్టిపడి, చేయి వేస్తే పశువు కాలు విదిలించే దశలో పొదుగువాపును గుర్తించడానికి ఏ పరికరమూ అక్కరలేదు. చిక్కంతా అంతకు ముందరి దశతోనే. ఆ దశలో పొదుగు మెత్తగానే ఉంటుంది, పశువు మామూలుగానే మేస్తుంది, పాలు తెల్లగానే కనిపిస్తాయి. దిగుబడి కాస్త తగ్గినా మేత మీదో ఎండ మీదో నెపం వేసి ఊరుకుంటాం. పైకి కనిపించే పొదుగువాపు కంటే ఇలా కనిపించకుండా సాగేదే ఎక్కువ. పొదుగువాపును పట్టడానికి కొట్టంలోనే చేసుకోగల పరీక్షలు రెండున్నాయి. రెండింటినీ ఒకే పనికి వాడే పరికరాలుగా చెబుతుంటారు కానీ, అవి చూసేవి రెండు వేర్వేరు సంగతులు.

అది తెలియాలంటే ముందు పాలలో ఏది ఎప్పుడు మారుతుందో చూడాలి. చన్ను రంధ్రం గుండా సూక్ష్మజీవి లోపలికి చేరగానే దాన్ని ఎదుర్కోవడానికి రక్తంలోని తెల్లకణాలు పాలలోకి దిగుతాయి. ఆరోగ్యంగా ఉన్న ఆవు చన్నులో మిల్లీలీటరు పాలకు 2 లక్షల లోపే ఉండే కణాలు కొన్ని గంటల్లోనే అనేక రెట్లు పెరగగలవు. ఆ తర్వాత పాలకూ రక్తానికీ మధ్య ఉన్న కణాల అడ్డుగోడ వదులవుతుంది. రక్తంలోని సోడియం, క్లోరైడ్ పాలలోకి వస్తాయి. పాలచక్కెర, పొటాషియం తగ్గుతాయి. మామూలుగా 6.6 దగ్గర ఉండే పాల పిహెచ్, రక్తపు పిహెచ్ అయిన 7.4 వైపు జరుగుతుంది. కేసిన్ అనే పాల ప్రొటీన్ తగ్గి, రక్తం నుంచి వచ్చే ప్రొటీన్లు పెరుగుతాయి. అందుకే ఇలాంటి పాలు కాస్త ఉప్పగా ఉంటాయి, పెరుగు సరిగా తోడుకోదు. కణాలూ ప్రొటీన్లూ కలిసి ముద్దకట్టి తెల్లని తునకలుగా కంటికి కనిపించడం చాలాసార్లు ఈ వరుసలో చివరి మెట్టు. ప్యాడిల్ పరీక్ష మొదటి మెట్టును చూస్తుంది, స్ట్రిప్ కప్పు చివరి మెట్టును చూస్తుంది.

స్ట్రిప్ కప్పు చాలా చిన్న పరికరం. ఒక గిన్నె, దాని మీద నల్లని పళ్లెం లేదా సన్నని జాలీ. పాలు పితకడానికి ముందు ఒక్కో చన్ను నుంచి మూడు నాలుగు ధారలు అందులోకి పితికి చూడాలి. చన్ను రంధ్రానికి దగ్గరగా నిలిచిన పాలు ఇవే కాబట్టి తునకలుంటే ముందుగా వీటిలోనే బయటపడతాయి. నాకు జాలీ కంటే నల్ల పళ్లెమే నచ్చుతుంది. జాలీ మీద తునకలు మాత్రమే నిలుస్తాయి. నల్ల పళ్లెం మీదైతే పాలు పలచబడిన సంగతి కూడా తెలుస్తుంది: మంచి పాలు చిక్కని తెల్లని పొరగా పరుచుకుంటాయి, చెడిన పాల అంచులు నీలంగా, అడుగు కనిపించేంత పలచగా ఉంటాయి. తెల్లని గిన్నెలోకి పితికి చూస్తే తెల్లని తునక కనిపించదు. అరచేతిలోకి పితికి చూడటం అంతకంటే చెడ్డ అలవాటు. ఆ చేయే తర్వాతి చన్నును పట్టుకుంటుంది కదా! నేల మీదికి వదిలిన పాలలోని సూక్ష్మజీవులూ, పశువు పడుకున్నప్పుడు మళ్లీ పొదుగుకే చేరతాయి.

గేదె విషయంలో ఒక మెలకువ పాటించాలి. చేపు రాకముందు గేదె చన్నులో నిలిచే పాలు చాలా తక్కువ. పొదుగు కడిగి తుడిచి, చేపు వచ్చాకే మొదటి ధారలు చూడాలి. పొడి చన్నును గుంజితే పాలు రావు, చన్ను మాత్రం దెబ్బతింటుంది.

ఇక ప్యాడిల్. దీని పూర్తి పేరు కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్. 1957లో షాల్మ్, నూర్‌లాండర్ అనే ఇద్దరు దీన్ని ప్రకటించారు. పిడి ఉన్న పలకకు నాలుగు గుంటలు, ఒక్కో చన్నుకు ఒక్కో గుంట. పొదుగు తుడిచి, మొదటి ధారలు స్ట్రిప్ కప్పులోకి తీసేశాక ఒక్కో గుంటలోకి ఒకటి రెండు ధారలు పితకాలి. తర్వాత పలకను దాదాపు నిలువుగా వంచితే ఎక్కువైన పాలు కారిపోయి, ఒక్కో గుంటలో సుమారు 2 మిల్లీలీటర్లు మిగులుతాయి. అంతే పరిమాణంలో ఊదారంగు ద్రావకం పోసి పలకను నేలకు సమాంతరంగా పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. పది సెకన్లలో ఫలితం కనిపిస్తుంది. 20 సెకన్లు దాటితే బలహీనమైన జిగట విడిపోతుంది, కాబట్టి తిప్పుతుండగానే చదవాలి.

ఆ ద్రావకంలో ముఖ్యమైనది ఒక డిటర్జెంటు. అది తెల్లకణాల పొరను కరిగించి వాటి డీఎన్ఏను బయటికి తెస్తుంది, అదే జిగటకడుతుంది. కణాలెన్ని ఎక్కువైతే జిగట అంత చిక్కన. ఏమీ లేకపోతే పాలు నీళ్లలా పారుతూ తిరుగుతాయి. పలక వంచినప్పుడు అడుగున సన్నని జిగట గీతలు కనిపించి, ఇంకా తిప్పితే మాయమైతే దాన్ని ‘జాడ’ అంటారు, కణాలు 2 నుంచి 4 లక్షలు. స్పష్టంగా చిక్కబడినా ముద్ద కట్టకపోతే 1, అంటే సుమారు 12 లక్షల వరకు. తిప్పుతుంటే నడిమికి చేరి, ఆపితే మళ్లీ పరుచుకునే జిగటకు 2, అంటే 50 లక్షల దాకా. గుడ్డు తెల్లసొనలా ముద్దకట్టి, తిప్పడం ఆపినా నడుమ ఉబ్బుగా నిలిచిపోతే 3.

ద్రావకంలో రంగు కూడా ఉంటుంది. పిహెచ్ పెరిగిన పాలలో ఊదా ముదురుతుంది. ఇక్కడే కొందరు పొరబడతారు: రంగు చూసి మార్కు వేస్తారు. మార్కు జిగటకే, రంగు తోడు సాక్ష్యం మాత్రమే. ఈ కారణంగానే విడిగా దొరికే పిహెచ్ కాగితాలను నేను మూడో ఎంపికగా కూడా లెక్కపెట్టను. పిహెచ్ ఆలస్యంగా, కొద్దిగా మాత్రమే మారుతుంది, అప్పటికి ప్యాడిల్ ఎప్పుడో చెప్పేసి ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఈని మూడో నెల నడుస్తున్న ఆవు. పూటకు ఇచ్చే పాలు అర లీటరు తగ్గాయి. స్ట్రిప్ కప్పులో నాలుగు చన్నుల పాలూ శుభ్రంగా ఉన్నాయి, ఒక్క తునక లేదు. ప్యాడిల్ తీసుకుంటే మూడు గుంటల్లో పాలు పలచగా తిరిగాయి. వెనక ఎడమ చన్ను గుంటలో మాత్రం జిగట నడిమికి చేరి, ఆపగానే పరుచుకుంది. అంటే 2. మర్నాడు మళ్లీ అదే ఫలితం. పాలు పితికాక ఖాళీ పొదుగును తడిమితే ఆ చన్ను పైన చిన్న గడ్డ చేతికి తగిలింది. స్ట్రిప్ కప్పు ఒక్కటే ఉంటే ఈ ఆవు ఇంకా వారాల తరబడి ఆరోగ్యంగానే లెక్కలోకి వచ్చేది. అదే చేత్తో, అదే గుడ్డతో పక్క పశువులకూ అంటు పాకేది.

ఈ ఫలితాన్ని నమ్మదగినదిగా చేసింది 2 అనే అంకె కన్నా, మిగతా మూడు చన్నులు పలచగా ఉండటం. నాలుగూ ఒకే పశువువి, ఒకే మేత, ఒకే ఈత. వాటిలో ఒకటే వేరుగా ఉందంటే కారణం ఆ చన్నులోనే ఉంది. అదే నాలుగు గుంటలూ సమానంగా కాస్త జిగటగా ఉంటే తొందరపడకూడదు. ఈనిన మొదటి కొద్ది రోజుల జున్నుపాలలోనూ, వట్టిపోయే ముందు పాలు తగ్గినప్పుడూ కణాలు సహజంగానే ఎక్కువ. పితకడం పూర్తయ్యాక చివరి పాలతో చేస్తే కూడా అంతే. మేకల్లో ఆరోగ్యంగా ఉన్నప్పుడే ‘జాడ’, 1 కనిపించవచ్చు. అక్కడ రెండు చన్నుల మధ్య తేడాయే చూడాలి.

ప్యాడిల్ కణాలు వచ్చాయని చెబుతుంది, ఏ సూక్ష్మజీవి వచ్చిందో చెప్పదు. అందుకే పై ఆవుకు వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించడం కంటే, చన్ను మొనను 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, రెండు మూడు ధారలు వదిలి, శుభ్రమైన సీసాలో పాలు పట్టి, చల్లగా ఉంచి ప్రయోగశాలకు పంపమని పశువైద్యుడు అడుగుతాడు. మందు పడ్డాక తీసిన నమూనాలో సూక్ష్మజీవి దొరకకపోవచ్చు. ఫలితం వచ్చేదాకా ఆ ఆవును అన్నిటికంటే చివర పితకాలి, ఆ చన్ను పాలు వేరే గిన్నెలోకి తీయాలి, పితికాక చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచాలి.

ఇంతవరకు చూస్తే ప్యాడిలే గెలిచినట్టుంది. కానీ దానికి అందని కేసూ ఉంది. పేడలో, తడి నేలలో ఉండే ఈకోలై లాంటి సూక్ష్మజీవులు ఒక్క పూటలో పని చేసేస్తాయి. ఆదివారం ప్యాడిల్ పరీక్షలో నాలుగు గుంటలూ పలచగా ఉన్న ఆవు, బుధవారం ఉదయం ఒక చన్ను నుంచి పసుపుపచ్చని నీళ్లలాంటి పాలు ఇవ్వవచ్చు, జ్వరంతో మేత మానవచ్చు. ఆ రోజు దాన్ని పట్టేది పూటపూటా చూసే స్ట్రిప్ కప్పే. ఇక్కడ గంటలు ముఖ్యం, ప్యాడిల్ తీసి ధ్రువీకరించుకునే పని లేదు, వైద్యుణ్ని పిలవాలి. కప్పులో కనిపించిన ప్రతిదీ జబ్బు కాదు కూడా. ఈనిన కొత్తలో పొదుగు నీరు దిగి చిన్న రక్తనాళాలు చిట్లితే పాలు గులాబీరంగులో వస్తాయి. తునకలు లేక, పొదుగు వేడిగా లేకపోతే చాలాసార్లు అది కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది.

కాబట్టి నా ఎంపిక ఇది. స్ట్రిప్ కప్పు ప్రతి పూటా, ప్రతి పశువుకూ. ప్యాడిల్ నెలకొకసారి మందంతటికీ, ఈనిన వారం తర్వాత ఒకసారి, పాలు తగ్గినా కొత్త పశువును కొనాలన్నా ఆ రోజే. ఒక్కటే కుదురుతుందంటే మాత్రం, మంద పెద్దదై అంటు పాకే ప్రమాదం ఉన్నచోట ప్యాడిల్‌ను వదులుకోను. ద్రావకం దొరకని చోట నీటిలో 3 శాతం బట్టల డిటర్జెంటు పొడి కలిపి, పాలకు సమానంగా పోసినా జిగట కడుతుంది. రంగు ఉండదు కాబట్టి తేలికపాటి మార్కులు విడదీయడం మాత్రం కష్టం. ఏది వాడినా పశువుకూ పశువుకూ మధ్య పలకను మంచినీటితో కడగాలి.

వైద్యం తర్వాత ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపించే రోజులు వస్తాయి. నాలుగైదు రోజుల్లో స్ట్రిప్ కప్పులో తునకలు పోతాయి. ప్యాడిల్ గుంటలో జిగట మాత్రం రెండు మూడు వారాలు నిలవవచ్చు, ఎందుకంటే సూక్ష్మజీవి పోయినా కణాలు నెమ్మదిగానే తగ్గుతాయి. ఆ జిగట చూసి మందు మళ్లీ మొదలుపెట్టనవసరం లేదు. వారానికొకసారి చూస్తూ 2 నుంచి 1కి, 1 నుంచి జాడకు దిగుతోందా అన్నది రాసుకోవాలి. నెల దాటినా 2 దగ్గరే నిలిచిపోయిన చన్ను ఉంటే, నమూనా మళ్లీ పంపాల్సింది దానిదే.