అకౌంటెంట్ కావలెను: వ్యాపారుల గ్రూపులో మూడేళ్ళు పోస్టులు పెట్టాక

తిరుపతిలో మాది చిన్న జీఎస్టీ, అకౌంట్స్ ఆఫీసు. నాతో కలిపి నలుగురం. లాడ్జీలు, ఫ్యాన్సీ షాపులు, ఒకట్రెండు ట్రావెల్స్ వాళ్ళ లెక్కలు చూస్తాం. ఏడాదికి మూడు సార్లయినా కొత్త మనిషి అవసరం పడుతుంది. పని పట్టుబడిన వాళ్ళు చెన్నైకో బెంగళూరుకో వెళ్ళిపోతారు, తప్పు పట్టలేం. మూడేళ్ళుగా ఆ మనుషుల్ని మా వ్యాపారుల వాట్సాప్ గ్రూపులోనే వెతుక్కుంటున్నాను. గ్రూపులో నాలుగు వందల మందికి పైగా ఉన్నారు. ఇప్పటికి పది సార్లు పోస్టు పెట్టాను. మొదటి రెండు సార్లు పరువు పోయినంత పనయింది.

మొదటి పోస్టు ఇదీ: "అర్జెంట్! అకౌంటెంట్ కావలెను. అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. ఆకర్షణీయమైన జీతం. వెంటనే కాల్ చేయండి." కింద నా నంబరు. పెట్టింది 18వ తేదీన. 20వ తేదీ మాకు 3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్నుల ఆఖరు రోజు, ఊపిరి తీసుకునే టైము ఉండదు. ఆ రెండు రోజుల్లో డెబ్బై మూడు కాల్స్ వచ్చాయి. సెక్యూరిటీ పని చేస్తామని కొందరు, ఇంటి నుంచి చేసే పనా అని కొందరు, బీటెక్ చదివిన కొడుక్కి ఏదో ఒకటి చూడమని తండ్రులు. "అన్నా, ఆ జాబు ఇంకా ఉండాదా?" అని అడిగి, ఉందనగానే "ఏం పని అన్నా?" అన్నవాళ్ళే ఎక్కువ. పనికొచ్చే వాళ్ళు నలుగురు తేలారు. అందులో ఇద్దరు జీతం చెప్పగానే ఫోన్ పెట్టేశారు.

అప్పుడు జనం చదవకుండా ఫోన్ చేస్తున్నారని విసుక్కున్నాను. తర్వాత ఆ పోస్టు నేనే మళ్ళీ చదివితే, అందులో చదవడానికి ఏమీ లేదు. తనకు కుదరదని తేల్చుకోవడానికి ఒక్క వివరమైనా ఇవ్వనప్పుడు ఎవరైనా ఫోన్ చేసే కనుక్కుంటారు. "కష్టపడే తత్వం", "నిజాయితీ" లాంటివి రాసినా అంతే. నేను కష్టపడను అనుకునేవాడు ఈ జిల్లాలో దొరకడు.

ఇప్పుడు వాడుతున్న పద్ధతి మూడో పోస్టు నుంచి మొదలైంది. అందులో 2బీ అంటే మనకు అమ్మినవాళ్ళు తమ రిటర్నుల్లో చూపిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్‌లో నెలనెలా తయారయ్యే జాబితా. ఇన్‌పుట్ అంటే కొనుగోళ్ళ మీద కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం. ఆనాటి పోస్టు దాదాపు యథాతథంగా ఇస్తున్నాను:

> అకౌంట్స్ పని, తిరుపతి, ఎయిర్ బైపాస్ రోడ్డు. జీతం 16,000 నుంచి 18,000.
> ఉదయం 10 నుంచి 7. నెలలో 8 నుంచి 11 వరకు, 17 నుంచి 20 వరకు రాత్రి 9 దాకా ఉండాలి. ఆదివారం సెలవు.
> పని: టాలీలో బిల్లులు ఎక్కించడం, 2బీతో సరిచూడడం, పార్టీలకు ఫోన్ చేసి బిల్లులు రాబట్టడం.
> ఫోన్ చేయకండి. కింది ప్రశ్నకు మీ మాటల్లో జవాబు రాసి, ఇచ్చిన లింకు ద్వారా పంపండి.
> ప్రశ్న: మే నెల కొనుగోలు బిల్లు 23,600 (అందులో పన్ను 3,600) మీ చేతిలో ఉంది. జూన్ 14న వచ్చిన 2బీలో అది లేదు. 3బీలో ఇన్‌పుట్ తీసుకుంటారా? తర్వాత ఏం చేస్తారు?
> జూన్ 29 వరకే. ఈ ఉద్యోగానికి మేం గానీ, మా పేరు చెప్పి ఇంకెవరు గానీ డబ్బు అడగరు.

జీతం, వేళలు పైన పెట్టడానికి కారణం ఉంది. మెసేజ్ పొడుగైతే వాట్సాప్ సగంలో కత్తిరించి `Read more` అని చూపిస్తుంది. నొక్కి చదివేవాళ్ళు తక్కువ. అందుకే మనిషిని వెనక్కి పంపే విషయాలు ఆ కత్తిరింపుకు ముందే ఉండాలి. రాత్రి తొమ్మిది అని రాసినందుకు చంద్రగిరి దాటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు, తిరుగు బస్సు దొరకదని, వాళ్ళంతట వాళ్ళే ఆగిపోయారు. మునుపు ఈ సంగతి ఉద్యోగంలో చేరాక, సరిగ్గా 19వ తేదీ సాయంత్రం బయటపడేది.

ఇక ఆ ప్రశ్న. 2022 జనవరి నుంచి సరఫరాదారు తన రిటర్నులో చూపి, అది మన 2బీలోకి వస్తేనే ఇన్‌పుట్ తీసుకోవాలి. పని చేసినవాళ్ళకు ఇది రోజూ ఉండే తలనొప్పి. చేయనివాళ్ళు "బిల్లు ఉంది కాబట్టి తీసుకుంటాం" అంటారు. మొదట్లో టాలీలో ఎఫ్8 నొక్కితే ఏం వస్తుంది అని అడిగి చూశాను. సేల్స్ వోచరు అని అందరూ కరెక్టుగానే రాశారు. ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి వారమే చెప్తారు, లేదంటే నెట్‌లో నిమిషంలో దొరుకుతుంది. అలాంటి ప్రశ్న ఎవరినీ ఆపదు. "తర్వాత ఏం చేస్తారు" అన్న ముక్క మాత్రం ఆపుతుంది.

ఆ పోస్టుకు పంతొమ్మిది మెసేజ్‌లు వచ్చాయి. ప్రశ్నకు జవాబు రాసినవాళ్ళు పదకొండు మంది, సరిగ్గా రాసినవాళ్ళు ఆరుగురు. ముగ్గురిని పిలిచాను. ఒకావిడ జవాబు బదులు ముందు ఎదురు ప్రశ్న వేసింది: "సార్, ఆ పార్టీ నెలనెలా రిటర్ను వేస్తాడా, మూడు నెలలకోసారా?" అది చదివి కుర్చీలో సరిగ్గా కూర్చున్నాను. మూడు నెలలకోసారి వేసేవాడైతే, ఆ బిల్లును 13వ తేదీలోపు విడిగా ఎక్కించకపోతే అది క్వార్టర్ అయ్యాకే కనపడుతుంది. వాడి మీద కోప్పడి లాభం లేదు, ఆగాలి. నెలనెలా వేసేవాడైతే ఫోన్ చేసి వెంటబడాలి. ఈ తేడా పుస్తకం చదివితే కాదు, పార్టీల చేత తిట్లు తింటే తెలుస్తుంది. ఆవిడ ఇప్పటికీ మా దగ్గరే ఉంది.

అసలు ఆమె మొదటి పోస్టు కూడా చూసిందట. "అనుభవం ఉన్నవారికి" అని ఉండేసరికి, పాప పుట్టాక నాలుగేళ్ళు ఇంట్లో ఉన్నాను కదా, నాకెందుకులే అని వదిలేసిందట. చేరిన నెలకు మాటల్లో చెప్పింది. ఆ రోజు తర్వాత పోస్టులో అనుభవం మాట మళ్ళీ ఎత్తలేదు.

లింకు గురించి. నంబరు ఊరికే ఇస్తే కాల్స్ ఆగవు. ఇలా ఇస్తే నొక్కగానే నేరుగా చాట్ తెరుచుకుంటుంది, మొదటి మాట కూడా రాసే ఉంటుంది:

```
https://wa.me/91XXXXXXXXXX?text=ACC3
```

ACC3 అంటే మూడో పోస్టు. తర్వాత చాట్‌లలో ఆ మాట వెతికితే అందరూ ఒకచోట దొరుకుతారు. అక్కడ తెలుగు మాట పెడదామని ఆశపడ్డాను. కాపీ చేస్తే ఒక్కో అక్షరం `%E0%B0` లాంటి గుర్తుల దండగా మారి, లింకు నాలుగు వరుసలు పాకింది. చూసినవాళ్ళు ఇదేదో మోసం అనుకుంటారని తీసేశాను.

బిజినెస్ వాట్సాప్‌లో దానంతటదే వెళ్ళే పలకరింపు మెసేజ్ ఉంటుంది. "మీ జవాబు అందింది, జూలై 2 లోపు కబురు రాకపోతే ఈసారికి కాదనుకోండి" అని పెట్టాను. మంచి పనే, మళ్ళీ మళ్ళీ అడగడం తగ్గింది. కానీ పద్నాలుగు రోజులు మాట్లాడని పాతవాళ్ళకు కూడా అది వెళ్తుందని నాకు తెలియదు. మా లాడ్జీ ఓనరు ఒకాయన బిల్లు ఫోటో పంపితే ఆయనకూ వెళ్ళింది. "నేనెప్పుడు అప్లై చేసినా నాయనా?" అని ఫోన్ చేశాడు. సెట్టింగ్స్‌లో కాంటాక్టుల్లో లేనివాళ్ళకు మాత్రమే వెళ్ళేలా మార్చుకుంటే సరిపోతుంది.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది మాత్రం వేరే. మన గ్రూపులో మొహమాటం ఉంటుంది కదా. పెద్దమనిషి ఒకాయన విడిగా మెసేజ్ పెడతాడు: "మా చెల్లెలి కొడుకు ఉండాడు, ఇంజినీరింగ్ చదివినాడు, కాస్త చూడన్నా." కాదనలేం, తీసుకోలేం. ఇప్పుడు ఒకటే మాట: "తప్పకుండా అన్నా, ఆ ప్రశ్నకు జవాబు రాసి పంపమనండి." పిల్లవాడు రాస్తే చూస్తాను, రాయకపోతే ఆయనా మళ్ళీ అడగడు. ఇప్పటికి ఐదారుసార్లు ఇలా జరిగింది, ఎవరితోనూ మాట పట్టింపు రాలేదు. ఒక మేనల్లుడు మాత్రం నిజంగానే బాగా రాశాడు, ఏడాది పనిచేసి వెళ్ళాడు.

ఇక లోపాలు. పోస్టు గ్రూపు దాటిందంటే మన చేతిలో ఉండదు. పెట్టిన పదిహేను నిమిషాల దాకా దిద్దుకోవచ్చు, తర్వాత రెండు రోజుల దాకా అందరికీ కనపడకుండా తీసేయనూ వచ్చు. కానీ అప్పటికే ఫార్వర్డ్ అయిన కాపీలు అలాగే తిరుగుతుంటాయి. నా రెండో పోస్టులో తేదీ లేదు. ఏడు నెలల తర్వాత వేలూరు నుంచి ఒకబ్బాయి "పోస్టు ఖాళీగా ఉందా" అని అడిగాడు. ఇంకోసారి ఎవరో నా పోస్టు పైభాగం కాపీ చేసి, కింద వేరే నంబరు వేసి, రిజిస్ట్రేషన్‌కు 500 అడిగారు. ఇద్దరు కట్టి మా ఆఫీసుకు వచ్చారు. ఎంత చెప్పినా వాళ్ళ కళ్ళకు దొంగను నేనే. డబ్బు అడగం అనే వాక్యం అప్పటి నుంచి ఉంది. కాపీ కొట్టేవాడు దాన్ని తీసేయగలడు, నిజమే. అందుకని పోస్టులో ఆఫీసు వీధి కూడా రాస్తున్నాను, అనుమానం ఉంటే వచ్చి అడగొచ్చు.

ప్రశ్నకూ ఆయుష్షు తక్కువ. నాలుగో పోస్టులో అదే ప్రశ్న మళ్ళీ వేస్తే ఏడుగురి జవాబుల్లో ఒకే అక్షరదోషం, "సరఫదారు" అని. ఎవరిదో ఒకరిది అందరికీ తిరిగింది. ప్రతిసారీ ఆ నెలలో మా బల్ల మీదకు వచ్చిన అసలు చిక్కునే కొత్త ప్రశ్నగా రాసుకుంటున్నాను. పది నిమిషాల పని.

తెలుగులో రాయడం వల్ల ఒక వింత నష్టం కూడా జరిగింది. నగరి వైపు పిల్లలు కొందరు తెలుగు చక్కగా మాట్లాడతారు, చదువుకుంది మాత్రం తమిళంలో. వాళ్ళు పోస్టు చదవలేక వదిలేశారని ఒకబ్బాయి చెప్పాడు. మా బిల్లులన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి వాళ్ళను పోగొట్టుకోవడం నా తప్పే. ఇప్పుడు అదే పోస్టు కింద ఒక చిన్న వాయిస్ మెసేజ్ పెడుతున్నాను.

పోస్టరు బొమ్మలు చేయించడం దండగ. బొమ్మలో లింకు నొక్కలేరు, తర్వాత వెతికితే దొరకదు. పోస్టు వేసే వేళ కూడా చూసుకోవాలి. పొద్దున పెడితే సుప్రభాతం ఫోటోలు, సర్వదర్శనానికి ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయన్న మెసేజ్‌ల కింద మునిగిపోతుంది. నేను 22వ తేదీ తర్వాత, ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు పెడుతున్నాను. అప్పుడు నాకూ తీరిక, చదివేవాళ్ళకూ తీరిక.

చదువుతో, రాతతో పని లేని ఉద్యోగాలకు ఇది పనికిరాదు. మా ఆఫీసు ఊడ్చే మనిషి కోసం ఇదే ధోరణిలో పోస్టు పెడితే ఒక్కరూ స్పందించలేదు. చివరికి కింద టీ కొట్టు అక్కకు చెప్తే సాయంత్రానికి మనిషిని పంపింది.