ఎనిమిది ఛానెళ్ల ఏడీసీ: అసలు తేడా క్లాక్ దగ్గరే

తిరుపతిలో భజన బృందాలను, అన్నమయ్య సంకీర్తనల కచేరీలను రికార్డు చేయడానికి, మైకుల సిగ్నల్‌ను అంకెలుగా మార్చే ఈ ఏడీసీని కొన్నేళ్లుగా వాడుతున్నాను. ప్రీఆంప్‌లు బాగున్నాయి, ఎండాకాలంలోనూ ఆగిపోలేదు. నేను చెప్పదలచుకున్నది దీని క్లాక్ గురించి.

క్లాక్ కొట్టిన ప్రతిసారీ ఏడీసీ ఒక శాంపిల్ తీసుకుంటుంది. ఆ దెబ్బ కాస్త ముందో వెనకో పడితే అదే జిట్టర్. శాంపిల్ తీసేలోపు తరంగం ఎంత కదిలిందో అంత తప్పు విలువ నమోదవుతుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ తరంగం నిటారుగా లేస్తుంది కాబట్టి తప్పూ పెరుగుతుంది. ఫుల్ స్కేల్‌లో ఉన్న 1 కిలోహెర్ట్జ్ టోన్‌కు 1 నానోసెకను తేడా వస్తే, తప్పు 16 బిట్ల రికార్డింగ్‌లో ఒక మెట్టుకు దాదాపు ఐదో వంతు వరకే ఉంటుంది. అదే 10 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు మెట్లు. టోన్ ఫ్రీక్వెన్సీ f, జిట్టర్ tj సగటున (ఆర్ఎంఎస్) 1 నానోసెకను అనుకుంటే, సిగ్నల్-నాయిస్ నిష్పత్తి ఈ సూత్రం ప్రకారం

`SNR = -20 log10(2π f tj)`

1 కిలోహెర్ట్జ్‌కు 104 డీబీ, 10 కిలోహెర్ట్జ్‌కు 84 డీబీ వస్తాయి. సిగ్నల్ లేకపోతే ఈ నాయిస్ కూడా ఉండదు. అందుకే నిశ్శబ్దంలో కొలిచిన నాయిస్ అంకె ఎంత బాగున్నా, దాన్నిబట్టి జిట్టర్ సంగతి తెలియదు.

మా భజనల్లో తాళాల మోత ఎక్కువ కాబట్టి నేనే పరీక్షించాను. ఒక అనలాగ్ ఆసిలేటర్ నుంచి 10 కిలోహెర్ట్జ్ టోన్ ఇచ్చి, లెవెల్ కదపకుండా క్లాక్ మాత్రమే మార్చాను. కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి, దాని క్లాక్‌ను తెచ్చే వర్డ్ క్లాక్ కేబుల్ వేసినప్పుడు, స్పెక్ట్రమ్‌లో టోన్‌కు రెండు పక్కలా 100 హెర్ట్జ్ దూరంలో రెండు చిన్న గీతలు కనిపించాయి, టోన్ కంటే దాదాపు 90 డీబీ కింద. 50 హెర్ట్జ్ కరెంటును డీసీగా మార్చాక మిగిలే అలజడి ఉండేది అక్కడే. టోన్‌ను 1 కిలోహెర్ట్జ్‌కు దించితే గీతలు ఇంకో 20 డీబీ కిందికి పోయాయి. అది జిట్టరే అనడానికి గుర్తు ఇదే. లెవెల్ ఊగడం వల్ల వచ్చిన గీతలైతే ఫ్రీక్వెన్సీ మారినా అక్కడే ఉంటాయి. క్లాక్‌ను ఇంటర్నల్‌కు మారిస్తే రెండూ మాయమయ్యాయి.

అందుకే ఇప్పుడు ఈ ఏడీసీయే మాస్టర్. ఇంటర్‌ఫేస్ ఆప్టికల్ కేబుల్ ద్వారా దీని క్లాక్‌ను అనుసరిస్తుంది. అక్కడ జిట్టర్ ఉన్నా, అంకెలను మళ్లీ శబ్దంగా మార్చే, నేను వినే డీఏసీ వరకే, రికార్డయిన అంకెలను అది తాకదు. ఏడీసీలో కలిసిన తప్పును మాత్రం తర్వాత ఎంత ఖరీదైన డీఏసీ పెట్టినా తీయలేం.

ఈ స్థాయి తేడా చెవికి తెలియడం కష్టమే, గొంతులో అయితే అసలు తెలియదు. టక్‌మని చప్పుళ్లు వస్తుంటే మాత్రం అది జిట్టర్ కాదు, సింక్ తప్పింది. కేబులో, క్లాక్ సెట్టింగో చూడండి.

నాకున్న ఒకే ఫిర్యాదు: కరెంటు పోయి వస్తే ఇది మళ్లీ ఎక్స్‌టర్నల్ క్లాక్‌కే వెళ్లిపోతుంది. రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ప్రతిసారీ ముందున్న లైటు చూసుకోవాల్సిందే.