మూడేళ్ల ఫ్రీ అయిపోయాక కారు కనెక్టెడ్ ప్లాన్‌కి డబ్బులు కట్టొచ్చా?

ఫోన్‌లోని యాప్ నుంచి కారుకి ఆర్డర్లు ఇచ్చుకునే ప్లాన్ ఇది. కారుతో పాటు ఇచ్చిన మూడేళ్ల ఫ్రీ ప్లాన్ అయిపోయాక ఒక ఏడాది డబ్బులు కట్టి వాడాను. ఈ ఏడు కట్టలేదు. ఒకే కారు, ఒకే నెల్లూరు ఎండ. తేడా ఎక్కడుందో ఇప్పుడు బాగా తెలిసింది. కంపెనీ పేరు అనవసరం, అందరూ ఇంచుమించు ఇదే దారిలో ఉన్నారు.

ఈ ప్లాన్‌కి కావాల్సిన సామానంతా కారులో ముందే ఉంది: డాష్‌బోర్డు లోపల సిమ్ ఉన్న చిన్న పెట్టె, యాంటెన్నా, ఫోన్ నుంచి వచ్చిన ఆర్డరు విని ఇంజిన్ స్టార్ట్ చేసే ఏర్పాటు. వాటి ఖరీదు మనం కారు కొన్న రోజే కట్టేశాం. ప్లాన్ ఆగితే అవి అక్కడే ఉంటాయి, యాప్‌కి మాత్రం పలకవు.

మా ఇంట్లో ఎక్కువగా వాడింది ఒక్కటే, ఫోన్‌లోంచి ఏసీ వేసుకోవడం. రోహిణి కార్తెలో ట్రంకు రోడ్డు పక్కన మధ్యాహ్నం కారు పెట్టి వస్తే స్టీరింగు చేత్తో పట్టుకోలేం. షాపులో బిల్లు కట్టేటప్పుడే యాప్‌లో 22 డిగ్రీలు పెట్టి నొక్కితే, వెళ్లేసరికి కూర్చోగలిగేలా ఉండేది. ఆ సుఖం నిజమే, కాదనను.

అయితే ప్లాన్ ఆగిన వారమే ఇంకో సంగతి తెలిసింది. తాళం మీద లాక్ నొక్కి, వెంటనే స్టార్ట్ బటన్ రెండు మూడు సెకన్లు పట్టుకుంటే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. ఏసీ కూడా చివరిసారి పెట్టినట్టే వస్తుంది. దీనికి సిమ్ అక్కర్లేదు, చందా అక్కర్లేదు. కాకపోతే కారు కాస్త దగ్గర్లో ఉండాలి, చల్లదనం ఎంతో ముందే పెట్టుకుని దిగాలి. సీటు కింది ఫ్యాను గురించి చెప్పక్కర్లేదు, దానికి బటనే ఉంది. (వేడి సీట్ల చందా గురించి చదివి మా బావ పగలబడి నవ్వాడు, నెల్లూరులో ఎండే ఆ పని ఊరికే చేసి పెడుతుంది కదా అని.)

అంటే నేను కట్టిన డబ్బు ఏసీకి కాదు, దూరానికి. లెక్క అక్కడి నుంచి వేయాలి. ఏడాదికి 3,500 రూపాయలనుకుందాం. మాకు పనికొచ్చేది మార్చి ఆఖరు నుంచి జూలై వరకే. ఆ నాలుగు నెలల్లో వారానికి ఐదారు సార్లు వాడితే వంద దాకా అవుతాయి, ఒక్కో నొక్కుడుకి 35 రూపాయలు. ఊరికే నిలబడి ఏసీతో పది నిమిషాలు తిరిగే ఇంజిను దాదాపు 200 మిల్లీలీటర్ల పెట్రోలు తాగుతుంది, అది ఇంకో 20. అందులో తాళంతో అయిపోయేవి తీసేస్తే, యాప్ తప్పనిసరైనవి పాతికకి మించవు. అప్పుడు ఒక్కోటి 140 పడుతుంది, పెట్రోలు వేరే. (తాళమైనా యాపైనా, మూసిన షెడ్డులో మాత్రం వేయకండి, పొగ లోపలే నిండుతుంది.)

ఆ పాతికలోనూ కొన్ని పోతాయి. ఉదయగిరి వైపు వెళ్లినప్పుడు సిగ్నల్ లేని చోట యాప్ కాసేపు తిరిగి తిరిగి 'ఫెయిల్' అనేది. కారు వరసగా కొన్ని రోజులు కదలకపోతే, బ్యాటరీ దిగిపోకుండా ఆ పెట్టె నిద్రపోతుంది. ఊరెళ్లి వచ్చేవాళ్లకి సరిగ్గా కావాల్సిన రోజే అది పలకదు.

చందా న్యాయమైనదా కాదా అన్నదానికి నేను అడిగే ప్రశ్న ఒకటే: ఇది నడవడానికి కంపెనీకి నెలనెలా ఖర్చవుతోందా? సిమ్‌కి, సర్వర్‌కి అవుతుంది, కాబట్టి నా ప్లాన్ ధరతో గొడవ పడొచ్చు గానీ చందా అడగడమే తప్పనలేను. సీటులో వేడి తీగకి ఏ ఖర్చూ లేదు. 2022లో దక్షిణ కొరియాలో వేడి సీట్లకి బీఎండబ్ల్యూ నెలకి 18 డాలర్ల దాకా అడగడం మీద అంత గోల అందుకే జరిగింది. 2023లో ఆ పద్ధతి మానేస్తున్నామని చెప్పారు. ఇలాంటి వాటికి జీవితకాలం ధర కూడా ఇస్తే నెల ధరతో భాగించి చూడండి. ఫోక్స్‌వాగన్ 2025లో బ్రిటన్‌లో ఐడీ.3 కారు మోటారు పూర్తి పవర్ వాడుకోవడానికి నెలకి 16.50 పౌండ్లు, లేదా ఒకేసారి 649 అంది. భాగిస్తే 39 నెలలు. మూడేళ్ల మూడు నెలలకి మించి ఉంచుకునేవాడికి నెలవారీ నష్టమే.

ప్లాన్ ఆపితే కారులోని ఎస్ఓఎస్ బటన్, దొంగతనం జరిగితే కారు ఎక్కడుందో చూపించడం కూడా ఆగిపోతాయి. రోడ్డు మీద ఆపదకి 108, నేషనల్ హైవేలో 1033 ఉన్నాయి, అవి ఫ్రీ. కారు రాత్రంతా వీధిలోనే ఉండేవాళ్లకి మాత్రం ఆ ట్రాకింగ్ ఒక్కదానికే డబ్బు కట్టొచ్చు. మాది గేటు లోపల ఉంటుంది, అందుకే ఆపేశాను. మ్యాప్స్ ఎలాగూ ఫోన్ నుంచి తెర మీదికి వస్తున్నాయి.

సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి కారు కొనేవాళ్లు ప్లాన్ ఎప్పటిదాకా ఉందో, పేరు మారినా కొనసాగుతుందో అడగండి. పాత ఓనరు ఫోన్‌లోని యాప్ నుంచి ఆ కారుని మీ ముందే తీసేయించి, తర్వాతే మిగతా డబ్బు ఇవ్వండి. లేకపోతే మీ కారు ఎక్కడుందో ఆయనకీ కనిపిస్తూనే ఉంటుంది.