ప్రెస్‌కిట్: రెండు ఆటల విడుదలకు వాడిన తరువాత

రామీ ఇస్మాయిల్ రూపొందించి ఉచితంగా అందించిన presskit() అనే సాధనాన్ని నేను నాలుగేళ్లుగా, రెండు చిన్న ఆటల విడుదలకు వాడాను. ఇది పత్రికల వారికి, స్ట్రీమర్లకు కావలసిన వివరాలన్నింటినీ ఒకే పేజీలో చూపించే పీహెచ్‌పీ ప్రోగ్రాము. ఒక్కో ఆటకు ఒక్కో ఫోల్డర్ ఉంటుంది. అందులోని data.xml ఫైలులో వివరాలు నింపి, చిత్రాలను images ఫోల్డర్‌లో పెడితే పేజీ దానంతటదే తయారవుతుంది. విడుదల తేదీ, ధర, వేదికలు, ఒక పేరాలో ఆట వివరణ, ట్రైలరు, చిత్రాలు, లోగో, బృందం, సంప్రదించవలసిన చిరునామా అన్నీ స్థిరమైన చోట్లలో వస్తాయి. ఆ అమరికను మార్చాలని మొదట్లో నేను చాలా తాపత్రయపడ్డాను. తరువాత మానుకున్నాను. ఇదే మూసలో ఎన్నో పేజీలు చూసిన పాఠకుడికి లోగో ఎక్కడుంటుందో వెతకకుండానే తెలుస్తుంది కాబట్టి, దాన్ని అందంగా మార్చడం వల్ల అతనికి ఒరిగేదేమీ లేదు.

స్ట్రీమర్ల విషయంలో ఈ పేజీ మొత్తంలో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడిన భాగం ఒక్క పంక్తి.

```xml
<monetization-permission>monetize</monetization-permission>
```

ఆటను ఆడుతూ తీసిన వీడియో మీద ప్రకటనల ద్వారా ఆదాయం పొందవచ్చునని ఈ పంక్తి పేజీలో స్పష్టంగా ప్రకటిస్తుంది. మొదటి ఆట సమయంలో దీన్ని నింపి, పని అయిపోయిందనుకున్నాను. విడుదలైన మూడో రోజున, మా ఆటకు వచ్చిన మొట్టమొదటి వీడియో మీద యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడింది. ఆ వీడియో ఆదాయం తనకు రాకుండా పోయిందని యజమాని మర్యాదగానే రాశాడు, కానీ ఆ వీడియో రెండో భాగం మాత్రం పెట్టలేదు. కారణం వెతికితే తప్పు మా వైపే తేలింది. మా సంగీత దర్శకుడు ఆట పాటలను సంగీత వేదికల్లో విడుదల చేయడానికి ఒక పంపిణీ సేవను వాడాడు, నమోదు చేసేటప్పుడు కంటెంట్ ఐడీ అనే ఎంపికను కూడా టిక్ చేశాడు. దానితో యూట్యూబ్ యంత్రాంగం ఆ పాట వినిపించిన ప్రతి వీడియోనూ, మా అనుమతితో సంబంధం లేకుండా, పట్టుకోవడం మొదలుపెట్టింది. పేజీలో మనం ఏమి రాసినా యంత్రం దాన్ని చదవదు.

రెండో ఆటకు ఒప్పందంలోనే కంటెంట్ ఐడీలో నమోదు చేయకూడదని రాసుకున్నాం. విడుదలకు ముందు పది నిమిషాల ఆటను రికార్డు చేసి, ఆటతో సంబంధం లేని ఖాతాలో అన్‌లిస్టెడ్‌గా ఎక్కించి, క్లెయిమ్ వస్తుందేమో చూశాను. మెనూ పాట, చివరి పేర్ల పాట కూడా ఆ రికార్డింగులో ఉండాలి, ఎందుకంటే చాలామంది మాట్లాడుతూ ఎక్కువసేపు నిలిచేది మెనూ దగ్గరే. క్లెయిమ్ రాలేదని తేలిన తరువాతనే "సంగీతం మొత్తం మాదే, ఎక్కడా నమోదు చేయలేదు" అన్న వాక్యాన్ని వివరణలో చేర్చాను.

సాధనంలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టినది images.zip. పేజీలో కనిపించే చిత్రాలు ఫోల్డర్ నుంచి నేరుగా వస్తాయి, కానీ అన్నిటినీ ఒకేసారి దించుకునే జిప్ ఫైలును మనమే తయారు చేసి పెట్టాలి. నేను కొత్త చిత్రాలు పెట్టి, జిప్‌ను మార్చడం మరచిపోయాను. ఒక స్ట్రీమరు పాత లోగోతో థంబ్‌నెయిల్ చేసి పెట్టేదాకా ఆ సంగతి నాకు తెలియలేదు. చిత్రాలు మార్చిన ప్రతిసారీ మరో కంప్యూటరు నుంచి జిప్ దించి తెరిచి చూడటం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను. లోగోను పారదర్శక నేపథ్యంతో పీఎన్‌జీగా విడిగా ఇవ్వడం కూడా అవసరమే. అది లేకపోతే వారు స్టోర్ పేజీ నుంచి కత్తిరించుకుంటారు, అంచులు గరుకుగా వస్తాయి.

ఇక మెయిళ్ల సంగతి. మొదటి ఆటకు 50 మందికి ఒకే మెయిల్ పంపితే రెండు జవాబులు వచ్చాయి. మాది పెట్టెలను పేర్చి దారి కట్టుకునే భౌతిక పజిల్. ట్రైలరులో అందమైన పరిష్కారాలన్నీ చూపించాం. అయితే ఆ రెండు వీడియోలలోనూ నవ్వులు పూసినది పరిష్కారాల దగ్గర కాదు, కట్టిన గోపురం కూలిపోయినప్పుడు. ఆ సంగతిని రెండో ఆటకు గుర్తుంచుకున్నాను. అది కూడా అదే జాతి ఆట. గత ఆరు నెలల్లో ఇదే పరిమాణంలోని పజిల్ ఆటను ఆడిన ఛానెళ్లను వెతికి, ఒక్కొక్కరి వీడియో కనీసం ఒకటి చివరిదాకా చూసి, 18 మందినే ఎంచుకున్నాను. మెయిల్ దాదాపు ఇలా ఉండేది:

"మీరు క్రేన్ ఆట ఆడినప్పుడు మూడో అంతస్తు కూలినచోట పడీ పడీ నవ్వాను. మా ఆటలో కూలడమే ఎక్కువ. పన్నెండు సెకన్ల క్లిప్ ఇదిగో. కీ కింద ఉంది, 14వ తేదీ వరకు ఎప్పుడైనా చూపించవచ్చు. వివరాలు, లోగో ఈ పేజీలో ఉన్నాయి."

ఏడుగురు జవాబు రాశారు, నలుగురు ఆడారు. ఆటను స్టీమ్ ఖాతాలో చేర్చే కోడ్ అయిన కీని అడగమని చెప్పకుండా మెయిల్లోనే పెట్టాను, ఎందుకంటే అడగడమన్న ఒక్క మెట్టు దగ్గరే చాలామంది ఆగిపోతారు. విడుదలకు ముందు పంపేవి సాధారణ కీలు కాకూడదు. విడుదల కాని ఆటను తెరవగల కీలను, స్టీమ్ స్టోరు ఆట తయారీదారులకు ఇచ్చే స్టీమ్‌వర్క్స్‌లో ప్రత్యేకంగా కోరాలి, లేకపోతే కీ ఖాతాలోకి చేరుతుంది గానీ ఆట ప్రారంభం కాదు. కీని వాడారో లేదో కూడా అక్కడే చూడవచ్చు. వాడని వారికి వారం తరువాత ఒక్కసారి గుర్తుచేశాను. వాడి కూడా వీడియో పెట్టని వారిని కదిలించలేదు, అది వారి నిర్ణయం.

మనకు వచ్చే అభ్యర్థనల సంగతి వేరు. ఒక పెద్ద ఛానెల్ పేరుతో మూడు కీలు కావాలని మెయిల్ వచ్చింది. చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉంది. నేను ఆ మెయిలుకు జవాబు ఇవ్వకుండా, ఛానెల్ పేజీలో ఉన్న చిరునామాకే రాసి అడిగాను. తాము ఏమీ కోరలేదని వారు చెప్పారు. ఒక్క స్ట్రీమరుకు ఒకటికి మించి కీలు ఎందుకన్న ప్రశ్నతోనే ఇటువంటివి సగానికి పైగా తేలిపోతాయి. తక్కిన అభ్యర్థనలకు ఇచ్చే కీలు తిరిగి అమ్మే వెబ్‌సైట్లకు చేరతాయని అనుకోవడమే క్షేమం.

పేజీని ఎవరు తెరిచారో ఈ సాధనం చెప్పదు. అందువల్ల స్టోర్ లింకుకు సందర్శకులు ఎక్కడి నుంచి వచ్చారో చూపే యూటీఎం గుర్తులు జోడించి, సందర్శనలు, విష్‌లిస్టులు స్టీమ్ వైపే లెక్కిస్తున్నాను. ఆ లింకులో వచ్చే & గుర్తును data.xml లో &amp; అని రాయకపోతే ఎక్స్‌ఎంఎల్ చదవడం విఫలమై పేజీ తెరుచుకోదు. నేను దీన్ని మెయిళ్లు పంపిన రోజునే నేర్చుకున్నాను. సొంత హోస్టింగు లేనివారు దీనికోసం కొత్తగా డబ్బు కట్టవలసిన పనిలేదు. ఇవే శీర్షికలతో ఒక పేజీ, చిత్రాల ఫోల్డర్ ఒకటి ఎవరైనా తెరవగలిగేలా పంచుకుంటే, స్ట్రీమరుకు కావలసిన పని నడుస్తుంది.