సారాంశానికి మార్కులు: పదాలు లెక్కపెట్టాలా, అంశాలు లెక్కపెట్టాలా?

సంక్షిప్తీకరణ రాసేవాళ్లు, దిద్దేవాళ్లు తరచూ అడిగే మాటే ఇది: మూడో వంతుకు కుదిస్తే సరిపోయినట్టేనా? పొడవు లెక్క సులువు, గొడవల్లేనిది. కానీ ఎంత కోసేశామో చెబుతుంది గానీ ఏం మిగిలిందో చెప్పదు.

యాభై పదాల నీటి సరఫరా ప్రకటన ఒకటి ఉందనుకుందాం. దాన్ని ఇద్దరు ఇలా కుదించారు:

"ప్రధాన పైపులైన్‌కు మరమ్మతులు చేపడుతున్నందున బుధవారం ఉదయం 6 నుంచి గురువారం ఉదయం 6 వరకు నీటి సరఫరా ఉండదు. ఆసుపత్రులకు మినహాయింపు."

"బుధవారం ఉదయం 6 నుంచి గురువారం ఉదయం 6 వరకు తూర్పు కాలనీలకు నీళ్లు రావు. ట్యాంకర్ కావాలంటే మంగళవారం సాయంత్రంలోగా చెప్పాలి."

రెండూ 17 పదాలే. పొడవు ప్రకారం సరిసమానం. మొదటిది చదివినవాళ్లకు మాత్రం నీళ్లు ఆగేది తమ వీధికో కాదో తెలియదు.

అంశాల పద్ధతిలో ముందు ముగ్గురి చేత విడివిడిగా సారాంశం రాయిస్తాం. ఒక అంశాన్ని ఎంతమంది ఉంచితే దానికి అంత బరువు. నెంకోవా, పాసనో 2004లో ప్రతిపాదించిన పిరమిడ్ పద్ధతికి మూలం ఇదే. మన ప్రకటనలో సమయానికి 3, కాలనీలకు 3, ట్యాంకర్ గడువుకు 2, కారణానికి 1, ఆసుపత్రులకు 1 వచ్చాయనుకోండి. మొత్తం 10. మొదటి సారాంశానికి 5, రెండోదానికి 8.

నా ఓటు దీనికే. అయితే ఇందులో అసలు చిక్కు బరువుల దగ్గర కాదు, అంశాన్ని ఎక్కడ విడగొట్టాలన్న దగ్గర. సమయాన్ని "ఎప్పుడు ఆగుతుంది", "ఎప్పుడు వస్తుంది" అని రెండు చేసి చెరో 3 ఇస్తే మొత్తం 13 అవుతుంది. అప్పుడు 50 శాతం కాస్తా 62 అవుతుంది, 80 కాస్తా 85 అవుతుంది. రాసినవాళ్లు ఒక్క అక్షరం మార్చకుండానే తేడా తగ్గిపోయింది! అందుకే దిద్దాల్సిన సారాంశాలను చూడకముందే అంశాల జాబితా ఖాయం చేసుకోవాలి. ఇద్దరు విడివిడిగా దిద్ది, తేడా వచ్చిన అంశాల దగ్గర ఆగి మాట్లాడుకోవాలి.

తప్పు రాస్తే? గురువారం బదులు శుక్రవారం అని ఉంటే సమయాన్ని ప్రస్తావించినట్టే గానీ నిలబెట్టినట్టు కాదు. నేనైతే సున్నా వేస్తాను.

మనుషులు రాసిన నమూనా సారాంశంతో పదాలను పోల్చి కంప్యూటర్ లెక్కగట్టే ROUGE అనే కొలత కూడా ఉంది. వందల సారాంశాలుంటే పనికొస్తుంది. తెలుగులో మాత్రం "ట్యాంకర్", "ట్యాంకర్లకు" దానికి వేర్వేరు పదాలు. "రావు" బదులు "వస్తాయి" అని రాసినా పోయేది ఒక్క పదమే.

పొడవును పూర్తిగా వదిలేయమనడం లేదు. అసలు పాఠాన్ని యథాతథంగా ఎత్తి రాస్తే అంశాల లెక్కలో పదికి పది వస్తాయి. కాబట్టి పదాల సంఖ్యను హద్దుగా పెట్టండి, మార్కులు మాత్రం ఆ హద్దులో నిలిచిన అంశాలకే వేయండి.