హెర్బల్ హెయిర్ కలర్ పొడి: ఆరేళ్లు వాడాక

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నలభై ఆరేళ్ల వయసులో నాకు పాపిడి పక్కన తెల్లటి గీత తేలింది. అప్పటిదాకా తలకి పెట్టుకున్నది గోరింటాకే. పెరట్లో చెట్టుంది, ఆకు నీడన ఆరబెట్టి పొడి చేసుకునేవాళ్లం. కానీ గోరింటాకు తెల్ల వెంట్రుకని ఎర్రగా చేస్తుంది గానీ నల్లగా చెయ్యదు. మేనకోడలి పెళ్లి దగ్గర పడుతుంటే, ఆకు బొమ్మ వేసి 'హెర్బల్' అని రాసిన నల్ల రంగు పొడి మూడు పొట్లాలు కొన్నాను.

పొట్లం వెనక చదవలేదు. ఆకు పొడేగా అనుకుని, గోరింటాకుకి చేసినట్టే చేశాను. ఇనప మూకుడులో పొడి పోసి, టీ డికాక్షన్, నిమ్మకాయ రసం కలిపి, మూత పెట్టి రాత్రంతా నాననిచ్చాను. పొద్దున మూత తీస్తే పైన నల్లటి తోలు కట్టి ఉంది. కలిపితే కింద కూడా నలుపే. అబ్బ, ఎంత బాగా దిగిందో అని మురిసిపోయి రెండు గంటలు తలమీద ఉంచుకున్నాను. కడిగాక చూస్తే మెడ, చెవులు, గోళ్లు నల్లగా ఉన్నాయి. తెల్ల వెంట్రుకలు మాత్రం బూడిద రంగులో అలాగే ఉన్నాయి.

గోరింటాకు రంగు ఆకులోనే దాక్కుని ఉంటుంది. నీళ్లలో, కాస్త పులుపులో నానితే మెల్లగా బయటికొచ్చి వెంట్రుకకి పడుతుంది. అందుకే దానికి నానడం కావాలి. మా ఎండాకాలంలో నాలుగైదు గంటలు చాలు, పుష్యమాసం చలిలో రాత్రంతా పెట్టాలి. అయిందో లేదో తెలియాలంటే చిటికెడు ముద్ద అరచేతిలో పెట్టుకుని ఐదు నిమిషాలాగి తుడిచి చూస్తాను. నారింజ రంగు మరక కనిపిస్తే సిద్ధం. పైన గోధుమ రంగుకి తిరిగి, లోపల పచ్చగా ఉన్నా కంగారు పడక్కర్లేదు, అలాగే ఉంటుంది.

నేను కొన్న నల్ల పొడి కథ వేరు. అందులో గోరింటాకు కొంత ఉన్నా, నలుపు ఇచ్చేది పారా ఫినైలీన్ డయామైన్ అనే రసాయనం. దాంతోపాటు దాన్ని నల్లబరిచే ఇంకో పదార్థం కూడా పొడిలోనే ఉంటుంది. పొడిగా ఉన్నంతసేపూ రెండూ ఊరుకుంటాయి. నీళ్లు పడగానే పని మొదలు. రంగు వెంట్రుక లోపలికి వెళ్లి అక్కడ నల్లబడాలి. ముందే కలిపి ఉంచితే గిన్నెలోనే నల్లబడిపోతుంది, ఇక లోపలికి పోదు. నా మూకుడులో జరిగింది అదే. రంగు పండింది, మూకుడుకి పండింది. ఇనుము తగిలితే ఆ రెండో పదార్థం ఇంకా తొందరగా పాడవుతుంది. గోరింటాకుకి మేలు చేసే మూకుడు దీనికి పనికిరాదు. ప్లాస్టిక్ గిన్నె, పాత బ్రష్ చాలు.

తర్వాత నాలుగేళ్లు సరిగ్గానే వాడాను. పది గ్రాముల పొట్లానికి నీళ్ల కొలత దగ్గు మందు సీసా మూతతోనే. పది మిల్లీలీటర్ల మూత, మూడు పోసి కలిపి, గట్టిగా ఉంటే నాలుగోది. ఇడ్లీ పిండి కన్నా కొంచెం జారుగా ఉండాలి. ఇంకా పల్చనైతే కణతల మీదికి కారుతుంది. మామూలు నీళ్లే, డికాక్షన్, పెరుగు, నిమ్మకాయ ఏమీ వద్దు. మా వదిన జుట్టు మెత్తగా ఉంటుందని పెరుగు కలిపింది, తల మచ్చలు మచ్చలుగా వచ్చింది. కలిపిన వెంటనే వెనక నుంచి మొదలుపెట్టి పది నిమిషాల్లో పూర్తి చెయ్యాలి. అందుకే రెండు పొట్లాలు ఒకేసారి కలపను, ఒకటి అయ్యాక రెండోది. మిగిలింది దాచుకోవడం దండగ. ముప్పై నిమిషాలయ్యాక కడిగెయ్యాలి, ఇంకో గంట ఉంచితే నలుపేమీ పెరగదు, చర్మానికి బాధ తప్ప.

కడగడంలో మా ఊరి తంటా వేరే ఉంది. గోరింటాకు పెట్టినప్పుడు బకెట్లకి బకెట్లు నీళ్లు పోస్తే గాని ఆకు నలక వదలదు. ఆ రోజు షాంపూ, కుంకుడుకాయ రెండూ వద్దు. మొదటి రోజు వెంట్రుక మరీ నారింజగా ఉండి నవ్వొస్తుంది, రెండు రోజులకి ఇటుక రంగుకి దిగుతుంది. షాంపూ అప్పటిదాకా ఆపితే మంచిది. ప్యాకెట్ పొడికి ఆ ఆగడం లేదు. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, ఆ రోజే షాంపూ పెట్టొచ్చు. పెట్టకపోతే దిండు గలీబు నల్లబడుతుంది.

కానీ ఎండాకాలం కాలవలు కట్టేశాక మాకు దిక్కు బోరు నీళ్లే. అవి ఉప్పన, నురగ రాదు. రంగు వదిలిందో లేదో తెలీదు, జుట్టు చీపురు పుల్లల్లా తయారవుతుంది. అందుకని బోరు నీళ్లతో కడిగేసి, చివరి రెండు చెంబులూ తాగే నీళ్ల టిన్నులోవి పోసుకుంటాను. ఇంట్లో గొణుగుతారు, గొణగనీ.

నాలుగో ఏడాది చివర్లో ఒకసారి రంగు వేసుకున్న రాత్రి చెవుల వెనక దురద మొదలైంది. చెమటకాయలేమో అనుకున్నాను. మర్నాడు కనురెప్పలు ఉబ్బి, నుదుటి అంచున నీటి పొక్కులొచ్చాయి. చర్మం డాక్టరుగారు పొట్లం తెమ్మని, దాని వెనక సన్నక్షరాల్లో ఆ రసాయనం పేరు చూపించారు. 'ఇన్నేళ్లూ పడిందండి' అన్నాను. 'పడుతూ పడుతూ ఒకరోజు పడకుండా పోతుందమ్మా, ఒకసారి అలా అయితే ఇక మళ్లీ వాడకూడదు' అన్నారు. పక్కనే ఉన్న హెచ్చరిక కూడా అప్పుడే చదివాను. కొందరికి చర్మం మండవచ్చు, ముందు కొంచెం రాసి చూసుకోవాలి, కనుబొమలకీ రెప్పలకీ వాడితే చూపు పోవచ్చు అని. మోచేతి మడతలో రాసి రెండు రోజులు చూడమంటారు. నేను ఒక్కసారి కూడా చూడలేదు. పొట్లం పొట్లానికీ చూడాల్సింది.

ఇప్పుడు కొనేముందు 'హెర్బల్' అన్న మాట కాదు, వెనక రాసిన టైము చూస్తాను. తెల్ల వెంట్రుకని ఒక్క కలుపులో, అరగంటలో నల్లగా చేసే ఆకు లేదు. అలా రాసుంటే రసాయనం ఉన్నట్టే.

రెండేళ్లుగా గోరింటాకు, నీలి ఆకు పొడి వేరువేరుగా వాడుతున్నాను. ముందు నానిన గోరింటాకు మూడు గంటలు. కడిగాక నీలి పొడి. ఇది మళ్లీ మూడో రకం మనిషి. గోరువెచ్చటి నీళ్లలో పులుపు లేకుండా కలిపి పది పదిహేను నిమిషాలు ఆగాలి, పైన నీలి పొర తేలగానే పెట్టేయాలి. ఆలస్యమైతే బలం పోతుంది. గంటన్నర ఉంచి వట్టి నీళ్లతో కడిగితే మొదట పచ్చటి ఛాయ కనిపిస్తుంది, మర్నాటికి నలుపులోకి తిరుగుతుంది. ప్యాకెట్ పొడి నలుపంత కటిక నలుపు రాదు, ఎండలో చూస్తే గోధుమ రంగు తెలుస్తుంది. ఆదివారం మొత్తం దీనికే పోతుంది.

వదిన ఇంకా ఆ పొట్లాలే వాడుతోంది. తనకి ఇప్పటిదాకా ఏమీ కాలేదు. పెరుగైతే మానేసింది గానీ, మొన్న కూడా మోచేతి దగ్గర రాసి చూసుకోమంటే 'ఎన్నేళ్ల నుంచి వేసుకుంటున్నానే' అంది. నేనూ డాక్టరుగారితో అదే మాట అన్నాను.