కన్వేయర్ డ్రమ్‌కి బెల్ట్ మేలా, చైన్ మేలా?

ఈ ప్రశ్న వేసేటప్పుడు చాలామంది ఒక సంగతి వదిలేస్తారు: డ్రైవ్‌ని ఎక్కడ పెడుతున్నాం? మోటార్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యనా, గేర్‌బాక్స్‌కీ డ్రమ్‌కీ మధ్యనా? నన్నడిగితే జవాబు సగం అక్కడే తేలిపోతుంది. ఇక్కడ బెల్ట్ అంటే సరుకు మోసే బెల్ట్ కాదు, పవర్ అందించే వి-బెల్ట్.

ఒక లెక్క చూద్దాం. 2.2 కిలోవాట్ల మోటార్, 1440 ఆర్‌పీఎమ్. 20:1 గేర్‌బాక్స్ తర్వాత 72, అక్కడినుంచి డ్రమ్ షాఫ్ట్‌కి 36 కావాలి. పవర్ రెండు చోట్లా దాదాపు ఒకటే. మారేది లాగుడు:

```
F = P / v
```

మోటార్ మీద 125 మి.మీ. పుల్లీ పెడితే బెల్ట్ వేగం సెకనుకు 9.4 మీటర్లు. లాగుడు 2200 / 9.4, అంటే దాదాపు 234 న్యూటన్లు. A సెక్షన్ వి-బెల్టులు రెండు హాయిగా లాగేస్తాయి.

ఇదే బెల్ట్‌ని గేర్‌బాక్స్ తర్వాత పెట్టి చూడండి. 200 మి.మీ. పుల్లీ వేసినా 72 ఆర్‌పీఎమ్ దగ్గర వేగం సెకనుకు 0.75 మీటరే. లాగుడు ఒక్కసారిగా 2900 న్యూటన్లు దాటుతుంది. ఈ వేగంలో అంతకన్నా పెద్దదైన B సెక్షన్ బెల్ట్ కూడా ఒక్కోటి అర కిలోవాట్ కూడా అందించలేదు. కన్వేయర్ లోడ్‌తో స్టార్ట్ అవుతుంది కాబట్టి సర్వీస్ ఫ్యాక్టర్ 1.3 వేస్తే 2.86 కిలోవాట్లకి డిజైన్ చేయాలి. అంటే ఆరేడు బెల్టులు. అంత వెడల్పు పుల్లీని గేర్‌బాక్స్ షాఫ్ట్‌కి వేలాడదీయడం ఎవరికీ ఇష్టముండదు.

టెన్షన్ సంగతి ఇంకా చిక్కు. బెల్ట్ పట్టుతోనే లాగుతుంది, కాబట్టి వదులు వైపూ కొంత బిగువు ఉండి తీరాలి. బిగువు వైపుకీ వదులు వైపుకీ 5:1 నిష్పత్తి అనుకుంటే ఇటు సుమారు 3640, అటు 730 న్యూటన్లు. రెండూ కలిసి షాఫ్ట్‌ని 4300కి పైగా లాగుతాయి. బెల్ట్ జారుతోందని ఇంకా బిగిస్తే ముందు పోయేది గేర్‌బాక్స్ బేరింగే.

అక్కడే చైన్ పెడితే? 25.4 మి.మీ. పిచ్ ఉన్న 16బీ సింగిల్ చైన్, 19 పళ్ల స్ప్రాకెట్, డ్రమ్ మీద 38 పళ్లది. లాగుడు 3800 న్యూటన్ల దగ్గర ఉంటుంది. వదులు వైపు దాదాపు సున్నా. 72 ఆర్‌పీఎమ్‌లో ఈ చైన్ రేటింగ్ 3.3 కిలోవాట్లకి అటూఇటూ వస్తుంది, మన 2.86కి సరిపోతుంది. స్లిప్ అన్న మాటే లేదు.

అలాగని చైన్ నున్నగా తిరుగుతుందనుకోవద్దు. స్ప్రాకెట్ నిజానికి పలకల చక్రం. 19 పళ్లకి చైన్ వేగం ప్రతి పన్ను దగ్గరా ఒకటిన్నర శాతం లోపు ఊగుతుంది. చవకగా వస్తుందని 11 పళ్లది వేస్తే ఆ ఊపు 4 శాతం, మోతా ఎక్కువే. 17కి తగ్గకపోవడం మంచిది.

ఇక స్లిప్. వి-బెల్ట్‌లో మామూలుగా ఒకటి రెండు శాతం వేగం పోతుంది. రాళ్లో, బస్తాలో మోసే కన్వేయర్‌కి అది లెక్కలోకి రాదు. సరుకు సరిగ్గా ఫలానా చోట ఆగాలన్నా, రెండు కన్వేయర్లు ఒకే లయలో నడవాలన్నా మాత్రం పనికిరాదు. అక్కడ మోటార్ వైపు కూడా పళ్ల బెల్టో, నేరుగా కప్లింగో పెట్టాలి.

స్లిప్‌కి ఒక లాభం చెబుతారు: డ్రమ్ జామ్ అయితే బెల్ట్ జారి గేర్‌బాక్స్‌ని కాపాడుతుందని. కొంతవరకు నిజమే, కానీ ఎంత లోడ్‌కి జారుతుందో నమ్మకం లేదు. జారిన కాసేపటికే రబ్బరు వాసన, పక్కలు అద్దంలా మెరవడం, ఆ తర్వాత మామూలు లోడ్‌కి కూడా జారడం. ఓవర్‌లోడ్ రిలేకి ఇది బదులు కాదు.

నా ఎంపిక ఇది: మోటార్ వైపు రెండు వి-బెల్టులు, డ్రమ్ వైపు చైన్. దుమ్ము మరీ ఎక్కువైతే చైన్‌కి మూసిన కవర్ తప్పదు. నూనెలో కలిసిన దుమ్ము పిన్నుల్ని ఆకురాయిలా అరగదీస్తుంది.

బిగించేటప్పుడు రెండింటి పద్ధతీ వేరు. బెల్టుని పుల్లీల మధ్య నొక్కినప్పుడు 100 మి.మీ. స్పాన్‌కి 1.6 మి.మీ. దిగాలి, దానికి పట్టే బలం కంపెనీ పట్టికలో ఇచ్చినంత ఉండాలి. కొత్త బెల్ట్ మొదటి రోజుల్లో కూర్చుంటుంది కాబట్టి మళ్లీ చూడాలి. చైన్‌ని తీగలా బిగించకూడదు. షాఫ్టుల మధ్య 900 మి.మీ. ఉంటే వదులు వైపు 18 మి.మీ. దాకా వేలాడనివ్వండి. అరుగుదల తెలియాలంటే చైన్‌ని లాగిపట్టి 20 పిచ్‌లు కొలవండి. కొత్తదానికి 508 మి.మీ. రావాలి. 518 వస్తే 2 శాతం సాగినట్టు. అప్పుడు ఒక లింకు తీసి నెట్టుకురావద్దు, చైన్ మార్చేయండి. పళ్లు కొక్కెంలా వంగి ఉంటే స్ప్రాకెట్లూ మార్చాలి, లేకపోతే అవి కొత్త చైన్‌ని తొందరగా తినేస్తాయి.